స్ఫటికం ట్రాన్స్ అయితే చర్య కూడా ట్రాన్సేనా? ఒక విట్టిగ్ ప్రయోగంపై చర్చ

హైదరాబాద్‌లో హబ్సిగూడ వైపు ఉన్న ఒక ఎంఎస్సీ ల్యాబ్. మే నెల మధ్యాహ్నం. ఫిల్టర్ పేపర్ మీద తెల్లగా మెరుస్తున్న స్టిల్బీన్ స్ఫటికాలు, తూకం 0.52 గ్రాములు, ద్రవీభవన స్థానం 123–124 డిగ్రీలు. స్టిల్బీన్ డబుల్ బాండ్ మీది రెండు ఫినైల్ గుంపులూ చెరో వైపు ఉంటే ట్రాన్స్, ఒకే వైపు ఉంటే సిస్. ట్రాన్స్ స్టిల్బీన్‌కు పుస్తకాల్లో ఉండే విలువ కూడా దాదాపు అంతే. ఇక రికార్డులో రెండు వాక్యాలు పడ్డాయి: "ఈల్డ్ 29 శాతం. విట్టిగ్ చర్యలో ట్రాన్స్ ఆల్కీన్ ఏర్పడింది."

విట్టిగ్ చర్య అంటే ఫాస్ఫోనియం లవణం, బేస్ సాయంతో ఆల్డిహైడ్‌ను ఆల్కీన్‌గా, అంటే డబుల్ బాండ్ ఉన్న పదార్థంగా మార్చడం. స్ఫటికాల గురించి ఈ రెండూ నిజమే. చర్య గురించి మాత్రం రెండూ దారి తప్పిస్తాయి. మొదటి వాక్యం చేతికి అందిన దాన్నే లెక్కేసింది. రెండో వాక్యం చేతికి అందిన దాన్ని చూసి ఫ్లాస్కులో జరిగింది ఇదేనని తేల్చేసింది. ఏటా ఈ ప్రయోగం చేసే బ్యాచుల్లో ఎక్కువ రికార్డులు ఇలాగే ఉంటాయి కాబట్టి ఈ ఒక్క పొరపాటునే పట్టుకుని చివరిదాకా వెళ్లడం మేలు.

ముందు ఫ్లాస్కులో ఏం పడిందో చూద్దాం. బెంజైల్ ట్రైఫినైల్ ఫాస్ఫోనియం క్లోరైడ్ 3.89 గ్రాములు, అంటే 10 మిల్లీమోల్‌లు. బెంజాల్డిహైడ్ 1.06 గ్రాములు, అదీ 10 మిల్లీమోల్‌లే. డైక్లోరోమీథేన్ 10 మిల్లీలీటర్లు. గట్టిగా తిప్పుతూ 50 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం 5 మిల్లీలీటర్లు చుక్కచుక్కగా వేసి, మరో అరగంట తిప్పారు. బేస్ ఉన్న నీళ్ల పొర, సేంద్రియ పొర కలవవు. అయినా ప్రత్యేకంగా ఫేజ్ ట్రాన్స్‌ఫర్ ఉత్ప్రేరకం వేయాల్సిన పని లేదు, ఫాస్ఫోనియం లవణమే ఆ పని చేసుకుంటుంది. బేస్ దాని బెంజైల్ కార్బన్ మీది ప్రోటాన్‌ను లాగేస్తే ఇలైడ్ వస్తుంది, అంటే కార్బన్ మీద రుణావేశం, పక్కనే ఫాస్ఫరస్ మీద ధనావేశం ఉన్న రూపం. చుక్క పడినచోట పసుపు, నారింజ ఛాయ మెరిసి పోవడం అదే. పక్కనే ఆల్డిహైడ్ ఉండటంతో ఇలైడ్ వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోతుంది. మొత్తం చర్య ఇది:

```
Ph3P=CHPh + PhCHO → PhCH=CHPh + Ph3PO
```

హైదరాబాద్ ఎండాకాలానికి సంబంధించి ఒక మాట. డైక్లోరోమీథేన్ 39.6 డిగ్రీలకే మరుగుతుంది. ఏసీ లేని ల్యాబ్‌లో మే నెలలో గది వేడే దానికి దగ్గరగా ఉంటుంది, పైగా ఈ చర్య కూడా వేడి పుట్టిస్తుంది. కండెన్సర్ పెట్టకుండా, కింద ఐసు నీళ్ల గిన్నె లేకుండా చేస్తే సాల్వెంట్ ఆవిరై, అడుగున ముద్ద మిగిలి, స్టిరర్ ఆగిపోతుంది. రెండు పొరలు సరిగా కలవకపోతే చర్య సగంలోనే నిలిచిపోతుంది. హైడ్రోజన్‌లు ఎలాంటి చోట ఉన్నాయో పీకులుగా చూపించే ఎన్‌ఎంఆర్‌లో 10.0 పీపీఎం దగ్గర ఆల్డిహైడ్ పీక్ ఇంకా నిలబడి ఉంటే అర్థం అదే.

మళ్లీ లెక్కకు వద్దాం. 10 మిల్లీమోల్‌లకు స్టిల్బీన్ 1.80 గ్రాములు రావాలి. చేతికొచ్చింది 0.52. మిగతాది ఎక్కడికి పోయింది? ఈ బ్యాచ్‌లో అదృష్టవశాత్తూ రీక్రిస్టలైజేషన్‌కు ముందే ఒక మంచి పని చేశారు. సేంద్రియ పొరను వేరు చేసి, బైసల్ఫైట్ ద్రావణంతో కడిగి మిగిలిన ఆల్డిహైడ్‌ను తీసేసి, ఆరబెట్టి, సాల్వెంట్ తీసేశాక, ఇంకా శుద్ధి చేయని ఆ క్రూడ్‌ను పొట్టి సిలికా కాలమ్ గుండా హెక్సేన్‌తో పంపించారు. ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్ ధ్రువస్వభావం ఎక్కువున్న పదార్థం కాబట్టి హెక్సేన్‌లో కదలక పైనే ఉండిపోతుంది. స్టిల్బీన్ మాత్రం జారి వచ్చేస్తుంది. అలా వచ్చిన హైడ్రోకార్బన్ తూకం 1.48 గ్రాములు. చూడ్డానికి నూనెలో పలుకులు తేలుతున్నట్టు ఉంది. అంటే చర్య జరిగింది 29 శాతం కాదు, 82 శాతం.

ఆ నూనె ఏమిటన్నది ఇక్కడ అసలు ప్రశ్న. సిస్ స్టిల్బీన్ గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవం. ఇథనాల్‌లో వేడి చేసి చల్లారిస్తే ట్రాన్స్ స్ఫటికాలుగా బయటపడుతుంది, సిస్ ఆల్కహాల్‌లోనే ఉండిపోయి ఫిల్ట్రేట్‌తో పాటు కిందికి పోతుంది. రీక్రిస్టలైజేషన్ ఇక్కడ ఒక జల్లెడ. జల్లెడలో నిలిచిన రవ్వను చూసి బస్తాలో పిండే లేదంటే ఎలా ఉంటుందో, స్ఫటికాల ద్రవీభవన స్థానం చూసి చర్య ట్రాన్స్ వైపే వెళ్లిందనడమూ అలాగే ఉంటుంది. చర్య ఏ వైపు మొగ్గిందో చెప్పగలిగేది జల్లెడ పట్టక ముందున్న క్రూడ్ ఒక్కటే.

క్రూడ్‌ను చదవడంలో కూడా ఒక చిక్కుంది. ఆల్కీన్ అనగానే విద్యార్థులు ఎన్‌ఎంఆర్‌లో కప్లింగ్ కాన్‌స్టెంట్ వెతుకుతారు: ట్రాన్స్ అయితే 16 హెర్ట్జ్ దగ్గర, సిస్ అయితే 12 దగ్గర అని నేర్చుకున్నారు కదా. స్టిల్బీన్ స్పెక్ట్రమ్‌లో ఆ చీలిక కనబడదు. డబుల్ బాండ్ మీది రెండు హైడ్రోజన్‌లూ ఒకేలాంటివి కాబట్టి ఒకదాన్నొకటి చీల్చుకున్నట్టు కనిపించవు, రెండూ కలిసి ఒకే సింగ్లెట్‌గా వస్తాయి. కాబట్టి ఇక్కడ ఆధారం కప్లింగ్ కాదు, పీక్ ఉన్న చోటు. సిస్‌లో ఆ సింగ్లెట్ 6.60 పీపీఎం దగ్గర, ట్రాన్స్‌లో 7.11 దగ్గర వస్తుంది. కప్లింగ్ చూసి తీరాలంటే బెంజాల్డిహైడ్ బదులు పారా మీథాక్సీ బెంజాల్డిహైడ్ వాడాలి. అప్పుడు రెండు వైపులా ఒకేలా ఉండవు కాబట్టి ట్రాన్స్‌లో 16 హెర్ట్జ్ డబ్లెట్‌లు చక్కగా విడిపోతాయి.

7.11 సింగ్లెట్ పక్కనే సిస్ ఐసోమర్ ఆరోమాటిక్ పీకులు గుంపుగా ఉంటాయి. ఇంటిగ్రేషన్ గీత ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ఆపాలో తెలియక విలువ అటూ ఇటూ అవుతుంది. అందుకని ట్రాన్స్‌కు 7.52 దగ్గర విడిగా నిలబడే డబ్లెట్‌ను వాడటం నయం, అది నాలుగు హైడ్రోజన్‌లది. కానీ ఒక షరతు. ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్ పీకుల్లో కొన్ని కూడా సరిగ్గా అక్కడికే వచ్చి పడతాయి. సిలికా గుండా పంపించకుండా నేరుగా క్రూడ్‌ను ఎన్‌ఎంఆర్‌కు ఇస్తే ట్రాన్స్ ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. విద్యార్థి ముందే నమ్మిన దాన్నే స్పెక్ట్రమ్ కూడా చెప్పినట్టుంటుంది కాబట్టి ఈ తప్పును ఎవరూ అనుమానించరు.

ఈ బ్యాచ్‌లో 6.60 పీక్‌ను 1.00గా పెడితే 7.52 డబ్లెట్ 1.64 వచ్చింది. మొదటిది రెండు హైడ్రోజన్‌లది, రెండోది నాలుగింటిది. కాబట్టి రెండోదాన్ని సగం చేయాలి, 0.82. సిస్, ట్రాన్స్ నిష్పత్తి 1.00కి 0.82, అంటే సుమారు 55కి 45. మొత్తం 1.48 గ్రాముల్లో సిస్ 0.81 గ్రాములు, ట్రాన్స్ 0.67 గ్రాములు. "ట్రాన్స్ ఏర్పడింది" అని రికార్డులో రాసిన ప్రయోగంలో నిజానికి సిస్సే కాస్త ఎక్కువ ఏర్పడింది.

ఈ 55కి 45 అన్న అంకెలోనే మెకానిజం మొత్తం దాగి ఉంది. సిస్ స్టిల్బీన్‌లో రెండు ఫినైల్‌లూ ఒకే వైపు ఇరుక్కుని, ఒకే తలంలో ఉండలేక మెలి తిరుగుతాయి. ఆ ఇబ్బంది ట్రాన్స్‌కు లేదు. శక్తిలో తేడా మోల్‌కు సుమారు 4 కిలో కాలరీలు. ఫ్లాస్కులో రెండు ఐసోమర్‌లూ ఒకదానిలోకి ఒకటి మారుతూ సమతాస్థితికి వచ్చి ఉంటే, 25 డిగ్రీల దగ్గర ఆ తేడాకు ట్రాన్స్ సుమారు 850 పాళ్లు, సిస్ ఒక పాలు ఉండాలి. అంటే సిస్ ఎన్‌ఎంఆర్‌లో కనబడీ కనబడనట్టు ఉండాలి. ఇక్కడ సగానికి పైగా ఉంది. అదే 55కి 45 నిష్పత్తి రావడానికి కావలసిన శక్తి తేడా ఎంతో వెనక్కి లెక్కేస్తే 0.12 కిలో కాలరీ. స్థిరత్వంలో ఉన్న తేడాలో ఇది ముప్పయ్యో వంతు. కాబట్టి ఈ చర్యలో ఏది స్థిరమైనది అన్న ప్రశ్న కన్నా ఏ దారి కాస్త తేలిక అన్న ప్రశ్నే ముఖ్యం. పరీక్షల్లో "ట్రాన్స్ స్థిరమైనది కాబట్టి ట్రాన్స్ వస్తుంది" అని రాసే జవాబు ఈ ఒక్క లెక్క ముందు నిలవదు.

ఆ దారి ఎక్కడ చీలుతుంది? ఇలైడ్ కార్బన్ వచ్చి ఆల్డిహైడ్ కార్బన్‌ను పట్టుకుంటుంది, ఆక్సిజన్ వెళ్లి ఫాస్ఫరస్‌ను పట్టుకుంటుంది. నాలుగు పరమాణువుల వలయం ఏర్పడుతుంది. దాని పేరు ఆక్సాఫాస్ఫెటేన్. రెండు కార్బన్‌ల మీదా ఒక్కో ఫినైల్ ఉంటుంది. అవి వలయానికి ఒకే వైపున ఉండొచ్చు, చెరో వైపున ఉండొచ్చు. తర్వాత వలయం తెగేటప్పుడు ఫాస్ఫరస్, ఆక్సిజన్ కలిసి ఒకే ముఖం నుంచి వెళ్లిపోతాయి. అందువల్ల ఫినైల్‌లు ఎలా ఉన్నాయో అలాగే ఆల్కీన్‌లోకి దిగుతాయి: ఒకే వైపు ఉన్న వలయం సిస్‌ను, చెరో వైపు ఉన్న వలయం ట్రాన్స్‌ను ఇస్తుంది. వలయం తెగేచోట మనసు మార్చుకునే అవకాశం లేదు. వలయం కట్టేటప్పుడే భవిష్యత్తు తేలిపోతుంది.

చాలా పాఠ్యపుస్తకాల్లో ఇంకా బీటైన్ అనే మధ్యస్థంతోనే మొదలవుతుంది: ముందు కార్బన్-కార్బన్ బంధం మాత్రమే ఏర్పడి, ఫాస్ఫరస్ మీద ధనావేశం, ఆక్సిజన్ మీద రుణావేశం విడివిడిగా ఉన్న రూపం. 1973లో వెడెయ్స్ బృందం లిథియం లవణాలు లేని ద్రావణాలను బాగా చల్లబరిచి ఫాస్ఫరస్ ఎన్‌ఎంఆర్ తీసినప్పుడు కనిపించింది బీటైన్ కాదు, వలయమే. వలయంలోని ఫాస్ఫరస్‌కు ఐదు బంధాలుంటాయి కాబట్టి దాని సంకేతం సున్నాకు బాగా కిందికి, మైనస్ 60ల ప్రాంతంలో పడుతుంది. బీటైన్‌లోని ఫాస్ఫోనియం అక్కడికి రాదు. అయితే అలా పట్టుబడేవి ఎక్కువగా సాదా ఆల్కైల్ ఇలైడ్‌ల వలయాలు. బెంజైల్ ఇలైడ్ విషయంలో వలయం ఏర్పడిన వెంటనే తెగిపోతుంది కాబట్టి మన ఫ్లాస్కులో దాన్ని నేరుగా చూపించడం కష్టం. ఇక్కడి వాదన పరోక్షం. లిథియం ఉన్న చోట కథ వేరు, అది ఆక్సిజన్‌ను పట్టుకుని బీటైన్ లాంటి రూపాలను నిలబెట్టగలదు, నిష్పత్తి మారిపోతుంది. మనం వాడింది సోడియం హైడ్రాక్సైడ్ కాబట్టి ఆ గొడవ లేదు.

మరి వలయం కట్టేటప్పుడు సిస్ వైపు ఎందుకు వెళ్లాలి? కాగితం మీద నాలుగు మూలల చతురస్రం గీసి చూస్తే ఇది అర్థం కాదు, ఎందుకంటే చురుకైన ఇలైడ్‌ల విషయంలో పరివర్తన స్థితి చదునుగా ఉండదు, మడిచిన కాగితంలా వంగి ఉంటుంది. ఫాస్ఫరస్ మీద మూడు పెద్ద ఫినైల్‌లు ఉన్నాయి. ఆల్డిహైడ్ తన ఫినైల్‌ను ఆ మూడింటికీ దూరంగా పెట్టుకుని దగ్గరికి రావాలి. ఆ వంపులో అలా తప్పుకుంటే ఆల్డిహైడ్ ఫినైల్, ఇలైడ్ కార్బన్ మీది గుంపు ఒకే వైపు వచ్చి పడతాయి. ఆ రెండూ పక్కపక్కన ఉండటం ఇబ్బందే, కానీ వంపు వల్లా, బంధం ఇంకా పొడుగ్గానే ఉండటం వల్లా ఆ ఇబ్బంది చిన్నది. ఫాస్ఫరస్ ఫినైల్‌లతో గుద్దుకోవడం పెద్దది. చిన్న బాధ ఒప్పుకుని పెద్ద బాధ తప్పించుకోవడం లాంటిది ఇది. ఇథైల్ ఫాస్ఫోనియం నుంచి వచ్చే ఇలైడ్‌ను లిథియం లేకుండా బెంజాల్డిహైడ్‌తో కలిపితే సిస్ ఆల్కీన్ అంత ఎక్కువ రావడానికి కారణం ఇదే.

అటు చివర ఎస్టర్ ఉన్న ఇలైడ్, Ph3P=CHCO2Et, ఉంది. రుణావేశం ఎస్టర్‌లోకి పంచుకుపోయి అది నెమ్మదిగా చర్య జరుపుతుంది. పరివర్తన స్థితి ఆలస్యంగా, బంధాలు దగ్గరపడ్డాక వస్తుంది, వలయం దాదాపు చదునుగా ఉంటుంది. చదునైనచోట పక్కపక్క కార్బన్‌ల మీది గుంపులు నేరుగా ఒకదానికొకటి అడ్డం. దానికి తోడు ఎస్టర్, కార్బొనైల్ ద్విధ్రువాలు ఎదురెదురు దిశల్లో నిలబడటానికి ఇష్టపడతాయి. రెండూ కలిసి ట్రాన్స్ వైపే తోస్తాయి. బెంజాల్డిహైడ్‌తో ఇథైల్ సిన్నమేట్ దాదాపు అంతా ట్రాన్స్‌గానే వస్తుంది. అది కూడా స్థిరత్వం వల్ల కాకుండా వలయం కట్టే దారి వల్లే వస్తోందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్న వివరణ.

బెంజైల్ ఇలైడ్ ఈ రెండింటి మధ్యలో ఇరుక్కుంది. దాని ఫినైల్ రుణావేశాన్ని కొంత పంచుకుంటుంది, ఎస్టర్ అంత కాదు. వంగిన దారి, చదునైన దారి రెండూ దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. ఆ 0.12 కిలో కాలరీ తేడా అంత చిన్నది కాబట్టే సాల్వెంట్ మారినా, బేస్ మారినా, ఆల్డిహైడ్ మీద ఇంకో గుంపు చేరినా నిష్పత్తి అటో ఇటో జరుగుతుంది. పక్క బెంచీ వాళ్లకు 50కి 50 వచ్చిందంటే ఎవరో తప్పు చేశారని కాదు. వైవాలో "విట్టిగ్ చర్య సిస్ ఇస్తుందా, ట్రాన్స్ ఇస్తుందా?" అని అడిగితే "ఏ ఇలైడ్‌తో, సార్?" అనడమే సరైన జవాబు. కొంచెం ధైర్యం కావాలి అంతే.

రికార్డుల్లో కనిపించే ఇంకో తప్పుడు ఆధారం గురించి కూడా చెప్పాలి. "ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్ 2.6 గ్రాములు వచ్చింది, సైద్ధాంతికంగా 2.78 రావాలి, కాబట్టి చర్య 94 శాతం జరిగింది" అని కొందరు రాస్తారు. తెలివిగానే కనిపిస్తుంది. కానీ గాఢ హైడ్రాక్సైడ్ నేరుగా ఫాస్ఫోనియం లవణం మీద పడినా బెంజైల్ గుంపు టోలుయీన్‌గా ఊడిపోయి అదే ఆక్సైడ్ మిగులుతుంది. ఆల్డిహైడ్‌తో దానికి పనే లేదు. బెంజాల్డిహైడ్ సీసా పాతదైతే ఇది ఇంకా ఎక్కువ. మూత చుట్టూ తెల్లటి పొడి పేరుకుందంటే అది గాలి తగిలి ఏర్పడిన బెంజోయిక్ ఆమ్లం, అంటే తూచిన 1.06 గ్రాముల్లో ఆల్డిహైడ్ అంతకంటే తక్కువే ఉంది. దానికితోడు గాఢ క్షారంలో బెంజాల్డిహైడ్ కన్నిజారో చర్యలోకి కూడా కొంత పోతుంది. ఆల్డిహైడ్ కొరత పడితే మిగిలిన ఫాస్ఫోనియం టోలుయీన్ దారి పడుతుంది, ఆక్సైడ్ మాత్రం నిండుగా కనబడుతుంది. స్టిల్బీన్ ఎంతో తెలియాలంటే స్టిల్బీన్‌నే తూచాలి.

ఆక్సైడ్ ఇబ్బంది పెట్టే ఇంకో చోటు స్ఫటికాల్లోనే. సిలికా దాటించకుండా నేరుగా ఇథనాల్‌లో వేస్తే కొంత ఆక్సైడ్ స్టిల్బీన్‌తో పాటు దిగుతుంది. ద్రవీభవనం పది పదిహేను డిగ్రీల మేర కిందికి జారి, 108 దగ్గర మొదలై 116 దాకా సాగితే సిస్ కలిసిందని అనుకోవద్దు. ముందు టీఎల్‌సీ వేయండి. హెక్సేన్‌లో స్టిల్బీన్ మచ్చ పైకి పోతుంది, ఆక్సైడ్ మొదలు పెట్టిన చోటే కూర్చుంటుంది. అదే ప్లేటుతో సిస్, ట్రాన్స్ నిష్పత్తి చూద్దామనుకుంటే కుదరదు, రెండూ దాదాపు కలిసే నడుస్తాయి.

ఇక వెలుతురు. క్రూడ్‌ను కిటికీ పక్కన ఎండలో వదిలేసి మర్నాడు ఎన్‌ఎంఆర్‌కు ఇస్తే చూసేది చర్య ఇచ్చిన నిష్పత్తి కాకపోవచ్చు. అతినీలలోహిత కాంతి ఈ ఐసోమర్‌లను ఒకదానిలోంచి ఒకదానిలోకి మార్చగలదు. ఫ్లాస్కుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి, అదే రోజు శాంపిల్ ఇవ్వడం మంచి అలవాటు. అయోడిన్ సంగతి కూడా ఇంతే. కొన్ని మాన్యువల్‌లలో రీక్రిస్టలైజేషన్‌కు ముందు చిటికెడు అయోడిన్ వేసి బల్బు కింద పెట్టమని ఉంటుంది. అయోడిన్ పరమాణువు డబుల్ బాండ్‌కు అతుక్కుంటే అది కాసేపు సింగిల్ బాండ్ అవుతుంది, తిరుగుతుంది, అయోడిన్ వదిలేసరికి స్థిరమైన ట్రాన్స్ మిగులుతుంది. అక్కడ పనిచేసేది స్థిరత్వమే, 850కి ఒకటి అన్న లెక్క అప్పుడు వర్తిస్తుంది. ఆ దారిలో చేసి "విట్టిగ్ ట్రాన్స్ ఇచ్చింది" అని రాస్తే అయోడిన్ చేసిన పనిని ఇలైడ్ ఖాతాలో వేసినట్టవుతుంది.

అసలు కావలసింది ట్రాన్స్ స్టిల్బీనే అయితే ఈ లవణంతో కుస్తీ పట్టడం ఎందుకు? డైఇథైల్ బెంజైల్ ఫాస్ఫోనేట్ తీసుకుని హార్నర్-వాడ్స్‌వర్త్-ఎమన్స్ పద్ధతిలో చేస్తే ట్రాన్స్ దాదాపు ఒంటరిగా వస్తుంది. మిగిలే ఫాస్ఫేట్ లవణం నీళ్లలో కరిగి పోతుంది, ఆక్సైడ్ తలనొప్పి ఉండదు. సిస్ కావాలంటే డైఫినైల్ ఎసిటిలీన్‌ను లిండ్లార్ ఉత్ప్రేరకంతో హైడ్రోజనీకరణ చేయడం నయం. బెంజైల్ విట్టిగ్‌కు పాఠంగా ఉన్న విలువ దాని తటపటాయింపులోనే ఉంది.

ఈ బ్యాచ్ రికార్డును సరిదిద్దితే ఇలా ఉండాలి: మొత్తం స్టిల్బీన్ 1.48 గ్రాములు, 82 శాతం. క్రూడ్‌లో సిస్, ట్రాన్స్ 55కి 45, ఆక్సైడ్ తీశాక ఎన్‌ఎంఆర్ ద్వారా. ఇథనాల్ నుంచి వేరు చేసిన ట్రాన్స్ 0.52 గ్రాములు, 29 శాతం. ఇక సింకు దగ్గర పెట్టిన ఫిల్ట్రేట్ సీసాలో ఇంకా సుమారు 0.96 గ్రాములు ఉంది, అందులో 0.81 సిస్. పారబోసే ముందు ఇథనాల్ తీసేసి, హెక్సేన్‌లో కరిగించి, చిటికెడు అయోడిన్‌తో బల్బు కింద పెట్టి, థయోసల్ఫేట్‌తో కడిగి మళ్లీ ఇథనాల్‌లో వేస్తే రెండో విడత స్ఫటికాలు వస్తాయి. వాటిని వేరే వరుసలో, అయోడిన్ పేరు రాసి మరీ నమోదు చేయాలి.